ఒకే ఉష్ణోగ్రత, వేరు వేరు వడులు: వాయు అణువుల శక్తి లెక్క

రెండు గాజు బుడ్లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకదానిలో హీలియం, రెండోదానిలో ఆర్గాన్. చాలాసేపటి నుంచి ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి థర్మామీటరు రెండింటిలోనూ ఒకే అంకె చూపిస్తుంది. అది 27 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 300 కెల్విన్ అనుకుందాం. లోపలికి తొంగిచూడగలిగితే దృశ్యం మాత్రం ఒకేలా ఉండదు. హీలియం అణువులు సెకనుకు 1,370 మీటర్ల ప్రాంతంలో పరుగెడుతుంటే, ఆర్గాన్ అణువులు 430 మీటర్ల దగ్గరే ఉంటాయి. మూడు రెట్లకు పైగా తేడా. వేడెక్కడమంటే అణువుల వేగం పెరగడమని చిన్న తరగతుల్లో నేర్చుకున్న మాట ఒక వాయువు వరకు నిజమే. రెండు వాయువులను పక్కన పెట్టగానే అది చాలకుండా పోతుంది. వడులు ఇంత వేరుగా ఉన్నప్పుడు ఆ రెండు బుడ్లలో సమానంగా ఉన్నదేమిటి?

సమానంగా ఉన్నది ఒక్కో అణువు సగటు గతిజశక్తి. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ అది ఎందుకు సమానమవుతుంది, వడి ఎందుకు సమానం కాదు అన్న చోట చాలా పాఠాలు రెండు సమీకరణాలను పక్కపక్కన రాసి ముందుకు సాగిపోతాయి. అసలు విషయం ఆ దాటేసిన చోటే ఉంది.

గోడ మీద పడే దెబ్బల లెక్క

ముందుగా మాటల సంగతి. భౌతికశాస్త్రంలో దిశతో కలిపి చెబితే వేగం, దిశ వదిలేసి పరిమాణం మాత్రమే చెబితే వడి. ఈ వ్యాసంలోనూ ఆ తేడా పాటిద్దాం. హీలియం, ఆర్గాన్ లాంటి జడ వాయువుల్లో అణువు అంటే ఒంటరి పరమాణువే. అయినా అలవాటు ప్రకారం అన్నింటినీ అణువులనే అందాం.

భుజం పొడవు L ఉన్న ఒక ఘనాకారపు పెట్టెలో m ద్రవ్యరాశి ఉన్న ఒక అణువు తిరుగుతోంది. కుడివైపు గోడకు లంబంగా దాని వేగాంశం vx. గోడను తాకి అంతే వడితో వెనక్కి మళ్ళితే దాని ద్రవ్యవేగం mvx నుంచి −mvx కు మారుతుంది, మార్పు 2mvx. మళ్ళీ అదే గోడను తాకాలంటే ఎదుటి గోడ దాకా వెళ్ళి రావాలి, అంటే 2L దూరం, 2L/vx కాలం. ఒక దెబ్బకు అందిన ద్రవ్యవేగాన్ని దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలంతో భాగిస్తే ఆ అణువు గోడ మీద చూపే సగటు బలం mvx²/L అని వస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. vx కు వర్గం ఎక్కడి నుంచి వచ్చింది? అణువు వడి రెట్టింపైతే ప్రతి దెబ్బా రెండింతలు గట్టిగా తగులుతుంది. దానికి తోడు దెబ్బలు రెండింతలు తరచుగా పడతాయి. రెండూ గుణించుకుని బలం నాలుగింతలవుతుంది. పీడనం వేగం మీద కాకుండా వేగం వర్గం మీద, అంటే గతిజశక్తి మీద ఆధారపడటానికి కారణం ఇంతే. తర్వాత వచ్చేదంతా ఈ చిన్న విషయంలోంచే పుడుతుంది.

పెట్టెలో N అణువులుంటే వాటన్నిటి బలాలూ కూడాలి. అణువులకు ఏ దిశ మీదా ప్రత్యేకమైన ఇష్టం లేదు కాబట్టి మూడు దిశల్లోనూ వర్గాల సగటు ఒకటే, vx² సగటు మొత్తం v² సగటులో మూడో వంతు. బలాన్ని గోడ వైశాల్యంతో భాగించి, L³ స్థానంలో ఘనపరిమాణం V రాస్తే ఇది మిగులుతుంది:

P V = (1/3) N m (v² సగటు)

దారిలో అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటే ఈ లెక్క చెడిపోదా అనే సందేహం న్యాయమైనదే. చెడిపోదు. అణువులు వాటి మధ్య దూరాలతో పోలిస్తే చాలా చిన్నవైతే, ఢీకొన్నప్పుడు ద్రవ్యవేగం ఆ రెండింటి మధ్య చేతులు మారుతుందే తప్ప మాయం కాదు. గోడకు చేరవలసింది చేరుతూనే ఉంటుంది.

ఇప్పటివరకు ఉష్ణోగ్రత అన్న మాటే రాలేదు. ఇదంతా న్యూటన్ యాంత్రికశాస్త్రం. ఇక రెండో వైపు నుంచి, ప్రయోగశాలలో కొలిచి తెలుసుకున్న వాయు నియమం ఉంది:

P V = N k T

ఇందులో T పరమ ఉష్ణోగ్రత, k బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం. రెండింటి ఎడమ పక్కలూ ఒకటే కాబట్టి కుడి పక్కలూ ఒకటే కావాలి. సర్దితే వచ్చేది ఇది:

(1/2) m (v² సగటు) = (3/2) k T

ఎడమవైపున్నది ఒక అణువు సగటు గతిజశక్తి. కుడివైపు అణువు ద్రవ్యరాశి లేదు, వాయువు పేరు లేదు, పీడనం లేదు, ఒక్క ఉష్ణోగ్రతే ఉంది. ఆర్గాన్ అయినా హీలియం అయినా 300 కెల్విన్ దగ్గర అణువుకు సగటున 6.21 × 10⁻²¹ జౌళ్ళు.

సమానం చేసేదెవరు?

పాఠం సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. కానీ పైన జరిగినదాన్ని నిశితంగా చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. అన్ని వాయువులకూ k ఒకటే అని ముందే ఒప్పుకున్నాం. అంటే ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఘనపరిమాణంలో ఏ వాయువైనా అణువుల సంఖ్య ఒకటే అన్న అవొగాడ్రో నియమాన్ని లోపలికి తెచ్చుకున్నాం. అది ప్రయోగం చెప్పిన నిజం. కానీ అలా ఎందుకుండాలో యాంత్రికశాస్త్రం వైపు నుంచి ఇంకా చెప్పలేదు. హీలియం, ఆర్గాన్ ఒకే పెట్టెలో కలిస్తే అవి చివరికి సమానం చేసుకునేది శక్తినే, వడిని కాదు, ద్రవ్యవేగాన్నీ కాదు. దానికి కారణం అభిఘాతాల్లో, అంటే అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడంలో వెతకాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్గాన్ అణువు హీలియం కన్నా దాదాపు 10 రెట్లు బరువు. రెండూ సెకనుకు 430 మీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చి సూటిగా ఢీకొన్నాయనుకుందాం. అంటే వడులు సమానంగా ఉన్న స్థితి నుంచి మొదలుపెడుతున్నాం. ద్రవ్యవేగం, గతిజశక్తి రెండూ నిలిచి ఉండాలన్న షరతుతో లెక్క కడితే, ఢీకొన్నాక ఆర్గాన్ వడి 274 కు పడిపోతుంది, హీలియం వెనక్కి తిరిగి 1,134 తో దూసుకుపోతుంది. వడులు సమానంగా ఉండటమనే స్థితి ఒక్క దెబ్బకు కూడా నిలవదు. బరువైనది తన శక్తిలోంచి తేలికైనదానికి ఇచ్చేసింది. ఈ ఒక్క అభిఘాతంలో హీలియం శక్తి ఆర్గాన్‌దాన్ని మించిపోయింది కూడా. ఒక్కో అభిఘాతం అటూ ఇటూ ఊగుతుంది, తూకం కుదిరేది సగటులో మాత్రమే.

ఆ తూకం ఎక్కడ ఆగుతుందో తేల్చే వాదన చాలా అందమైనది. రెండు అణువులు ఢీకొన్నప్పుడు వాటి ద్రవ్యరాశి కేంద్రం వేగం మారదు. ఒకదాని దృష్ట్యా రెండోదాని సాపేక్ష వేగం పరిమాణమూ మారదు, ఎందుకంటే అభిఘాతం స్థితిస్థాపకం. మారేది ఆ సాపేక్ష వేగం దిశ ఒక్కటే. కొద్దిగా పక్కకు తగిలితే ఒక దిశ, సూటిగా తగిలితే ఇంకో దిశ. కోట్లాది అభిఘాతాలు జరిగాక సాపేక్ష వేగం దిశకూ కేంద్రం వేగం దిశకూ మధ్య ఏ పొత్తూ మిగలదు. పొత్తు లేదంటే ఆ రెండింటి బిందు లబ్ధం సగటు సున్న:

(m₁v₁ + m₂v₂) · (v₁ − v₂) సగటు = 0

విస్తరిస్తే m₁v₁² − m₂v₂² వస్తుంది, దానితో పాటు v₁·v₂ ఉన్న ఒక పదం. వేరు వేరు అణువుల వేగాలకు కూడా ఒకదానితో ఒకటికి పొత్తు లేదు కాబట్టి ఆ పదం సగటూ సున్నే. మిగిలేది m₁v₁² సగటు, m₂v₂² సగటు సమానం అన్నది. సగటు గతిజశక్తులు సమానమయ్యేదాకా అభిఘాతాలు శక్తిని అటూ ఇటూ పంచుతూనే ఉంటాయి, సమానమయ్యాక నికరంగా చేతులు మారేదేమీ ఉండదు. రెండు వస్తువులను తాకించి ఉంచితే వాటి ఉష్ణోగ్రతలు కలుస్తాయని మనం అనేది కూడా సరిగ్గా ఇదే. అందుకే సగటు గతిజశక్తికి ఉష్ణోగ్రత అన్న పేరు తగుతుంది.

ఈ ఫలితాన్ని మొదట స్పష్టంగా రాసిన మనిషి కథ బాధ కలిగిస్తుంది. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ స్కాట్లండ్‌కు చెందినవారు, బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. 1845లో అక్కడి నుంచే లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం పంపారు. కలిసి ఉన్న వాయువుల్లో అణువుల వడి వర్గం సగటు వాటి బరువుకు విలోమానుపాతంలో ఉంటుందని అందులో ఉంది. పైన వచ్చిన ఫలితం అదే. దాన్ని పరిశీలించిన ఒకరు అది ఉత్త అర్థంలేని రాత అని, సొసైటీలో చదివి వినిపించడానికి కూడా తగదని తేల్చేశారు. పత్రం దస్తరాల్లో పడిపోయింది. ఆ తర్వాత క్లాసియస్, మాక్స్‌వెల్ స్వతంత్రంగా ఇదే దారిలో నడిచారు. లార్డ్ రేలీ ఆ పాత పత్రాన్ని బయటికి తీసి 1892లో అచ్చు వేయించేనాటికి వాటర్‌స్టన్ లేరు.

వర్గం, సగటు, మూలం

శక్తి నుంచి వడికి రావాలంటే v² సగటుకు వర్గమూలం తీయాలి. అలా వచ్చేదే ఆర్.ఎం.ఎస్. వడి, తెలుగు పాఠ్యపుస్తకాల్లో వర్గ మధ్యమ మూల వడి. పేరు పొడవైనా పని చెబుతుంది: ముందు వర్గం చేయాలి, తర్వాత సగటు తీయాలి, చివరికి మూలం కట్టాలి. ఈ క్రమం మారితే జవాబు మారిపోతుంది.

ఐదే అణువులున్నాయనుకుందాం, వడులు సెకనుకు 200, 300, 400, 500, 900 మీటర్లు. మామూలు సగటు 460. వర్గాలు తీసి సగటు కడితే 2,70,000 వస్తుంది, దాని మూలం దాదాపు 520. గోడ మీద పీడనం, వాయువులో దాచిన శక్తి ఈ 2,70,000 మీదే ఆధారపడతాయి. 460 ని వర్గం చేసి 2,11,600 వాడితే అసలు శక్తిలో ఐదో వంతుకు పైగా పోతుంది. ఎక్కడికి పోయింది? 900 తో పరుగెడుతున్న ఆ ఒక్క అణువు దగ్గరికి. మొత్తం వర్గాల మొత్తంలో 60 శాతం దానిదే. మామూలు సగటు దాని మాటకు అయిదింట ఒక వంతు విలువే ఇస్తుంది, శక్తి మాత్రం అలా చూడదు.

నిజమైన వాయువులో వడుల పంపకం మాక్స్‌వెల్ చూపిన వక్రరేఖను అనుసరిస్తుంది. అందులో మామూలు సగటు ఆర్.ఎం.ఎస్. వడిలో 92 శాతం ఉంటుంది, ఎక్కువ అణువులు ఏ వడి దగ్గర గుమికూడతాయో ఆ విలువ 82 శాతం. తేడా చిన్నదే అనిపించి ఒకదానికి బదులు ఒకటి వాడేసేవాళ్ళు చాలామంది. అణువు సగటున ఎంత దూరం వెళ్ళిందన్నది ప్రశ్నైతే మామూలు సగటు వాడాలి. శక్తి, పీడనం, ఉష్ణోగ్రత గురించిన ప్రశ్నైతే ఆర్.ఎం.ఎస్. ఒక్కటే సరైనది.

ఈ వడిని తెలుసుకోవడానికి అణువు బరువు తెలియనక్కరలేదన్నది ఆశ్చర్యం గొలిపే విషయం. మొదటి సమీకరణంలో Nm/V అంటే వాయువు సాంద్రతే కదా. ఆ సాంద్రతను ρ అంటే ఆర్.ఎం.ఎస్. వడి √(3P/ρ). సున్న డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో గాలి సాంద్రత ఘనమీటరుకు 1.293 కిలోలు, పీడనం 1,01,325 పాస్కళ్ళు. లెక్క వేస్తే 485 మీటర్లు. ఒక బారోమీటరు, ఒక త్రాసు ఉంటే అణువు వడి చేతికొచ్చేసింది. అణువును చూసినవాడు గానీ తూచినవాడు గానీ లేని 1857లోనే క్లాసియస్ మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఆక్సిజన్‌కు 461, నైట్రోజన్‌కు 492, హైడ్రోజన్‌కు 1,844 మీటర్లని ఈ దారిలోనే చెప్పగలిగారు. ఇప్పటి విలువలకు అవి ఒక శాతం లోపు దగ్గరగా ఉన్నాయి.

ఆ అంకెలు చూసి ఒక అభ్యంతరం వచ్చింది. అంత వేగమైతే గదిలో ఒక మూల తెరిచిన సీసా వాసన ఇంకో మూలకు చేరడానికి అన్ని నిమిషాలు ఎందుకు? క్లాసియస్ మరుసటి ఏడాదే బదులిచ్చారు: అణువు వేగంగానే వెళుతుంది, కానీ అడుగడుగునా ఇంకో అణువును ఢీకొని దారి మార్చుకుంటుంది. మామూలు గాలిలో రెండు అభిఘాతాల మధ్య దూరం నూరు నానోమీటర్ల లోపే. పరుగు తగ్గలేదు, దారే వంకరలు తిరిగింది.

లెక్క వేసేటప్పుడు జారే చోట్లు

నైట్రోజన్‌ను 300 కెల్విన్ దగ్గర తీసుకుందాం. అణువు ద్రవ్యరాశి 4.65 × 10⁻²⁶ కిలోలు, సగటు గతిజశక్తి 6.21 × 10⁻²¹ జౌళ్ళు. శక్తిని రెట్టించి ద్రవ్యరాశితో భాగిస్తే 2.67 × 10⁵, మూలం తీస్తే 517. ఇదే పనిని మోల్ లెక్కన √(3RT/M) తో కూడా చేయవచ్చు. ఇందులో M ఒక మోల్ వాయువు ద్రవ్యరాశి కిలోల్లో, R అంటే k ను ఒక మోల్‌లోని అణువుల సంఖ్యతో గుణిస్తే వచ్చే వాయు స్థిరాంకం. పొరపాటు ఎక్కువగా దొర్లేది ఈ రెండో దారిలోనే. M దగ్గర 0.028 బదులు 28 వేసేస్తారు, ఎందుకంటే రసాయనశాస్త్రంలో గ్రాములు నోటికి అలవాటు. అప్పుడు జవాబు 16 మీటర్లు అని వస్తుంది.

అది తప్పని ఎలా పట్టుకోవాలి? ధ్వనితో పోల్చి చూడాలి. వాయువులో ధ్వనిని మోసుకెళ్ళేది అణువులే కాబట్టి ధ్వని వాటి ఆర్.ఎం.ఎస్. వడిని మించి పోలేదు. 300 కెల్విన్ దగ్గర గాలిలో ధ్వని వడి సెకనుకు 347 మీటర్లు. గాలిలో ప్రధానంగా ఉన్న నైట్రోజన్ అణువుకు 16 వచ్చిందంటే ఎక్కడో వెయ్యి తప్పిపోయిందన్నమాట. 517 వస్తే సరైన దిశలోనే ఉన్నాం.

రెండో జారుడు సెల్సియస్. 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకు వేడి చేస్తే ఉష్ణోగ్రత రెట్టింపైందనిపిస్తుంది. కెల్విన్‌లో అది 300 నుంచి 327 మాత్రమే. శక్తి 9 శాతం పెరిగింది. వడి దాని మూలంతో పెరుగుతుంది కాబట్టి 4.4 శాతమే పెరిగింది. వడి నిజంగా రెట్టింపు కావాలంటే 1,200 కెల్విన్ దాకా, అంటే 927 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి.

మూడోది ఆలోచనలో జరిగే పొరపాటు. ఆర్గాన్ నింపిన డబ్బాను సెకనుకు 100 మీటర్ల వడితో తీసుకుపోతుంటే లోపలి అణువులన్నిటికీ ఆ వేగం అదనంగా చేరింది కదా, వాయువు వేడెక్కాలి కదా? వేడెక్కదు. ఉష్ణోగ్రతకు లెక్కలోకి వచ్చేది వాయువు మొత్తం ఏ వేగంతో పోతోందో దాన్ని తీసేశాక మిగిలిన చెల్లాచెదురు కదలిక మాత్రమే. కానీ ఆ డబ్బాను ఉన్నట్టుండి ఆపేస్తే సంగతి వేరు. అందరూ ఒకే దిశలో కలిసి చేసిన ప్రయాణం గోడలకు తగిలి చెల్లాచెదురవుతుంది, ఆ శక్తి ఉష్ణోగ్రత ఖాతాలోకి చేరుతుంది. డబ్బా తీసుకునే వేడిని పక్కన పెడితే ఆర్గాన్ ఉష్ణోగ్రత 16 డిగ్రీలు పెరుగుతుంది. ఒకే శక్తి, క్రమంగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత కాదు, క్రమం చెదిరాక ఉష్ణోగ్రత. ఒంటరి అణువుకు ఉష్ణోగ్రత అంటగట్టలేకపోవడానికీ కారణం ఇదే.

నైట్రోజన్ లాంటి రెండు పరమాణువుల అణువు గిర్రున తిరుగుతుంది కూడా. ఆ భ్రమణంలో అణువుకు సగటున ఇంకో kT శక్తి ఉంటుంది. అందుకే ఘనపరిమాణం మారకుండా ఒక మోల్ ఆర్గాన్‌ను ఒక డిగ్రీ వేడి చేయడానికి 12.5 జౌళ్ళు చాలితే, నైట్రోజన్‌కు 20.8 కావాలి. కానీ గోడను కొట్టేది అణువు స్థానం మార్చే కదలికే. దాని వాటా మాత్రం నైట్రోజన్‌కూ (3/2)kT యే. కాబట్టి 517 అన్న అంకెకు ఏ ఢోకా లేదు. అణువు మొత్తం శక్తి ఎంత అని అడిగినప్పుడే ఈ తేడా ముఖ్యమవుతుంది.

గోళంలో మోగే ఆర్గాన్

ధ్వనితో పోల్చడం పరీక్షలో తప్పు పట్టుకోవడానికే కాదు, k విలువను ప్రపంచంలోకెల్లా కచ్చితంగా కొలవడానికి కూడా దారి చూపింది. వాయువులో ధ్వని వడి √(γkT/m), ఆర్.ఎం.ఎస్. వడి √(3kT/m). ఇందులో γ అంటే వాయువును పీడనం మారకుండా వేడి చేయడానికి పట్టే వేడికీ, ఘనపరిమాణం మారకుండా వేడి చేయడానికి పట్టే వేడికీ ఉన్న నిష్పత్తి. రెండు వడుల నిష్పత్తి √(γ/3). ఆర్గాన్‌కు తిరిగే అవకాశం లేదు కాబట్టి γ విలువ కచ్చితంగా 5/3, నిష్పత్తి 0.745. నీరు, మంచు, ఆవిరి మూడూ కలిసి ఉండే 273.16 కెల్విన్ దగ్గర ఆర్గాన్ అణువుల ఆర్.ఎం.ఎస్. వడి 413 మీటర్లు, ధ్వని వడి 307.8. అంటే ధ్వని వడిని కొలిస్తే అణువు సగటు శక్తిని కొలిచినట్టే.

ధ్వని వడి కొలవడానికి ఆర్గాన్ నింపిన లోహపు గోళాన్ని మోగిస్తారు. 9 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళంలో వాయువు లోపలికీ బయటికీ ఊగే మొదటి అనునాదం సెకనుకు సుమారు 2,450 కంపనాల దగ్గర వస్తుంది. పౌనఃపున్యాన్ని చాలా సూక్ష్మంగా చదవవచ్చు, కష్టమంతా గోళం కొలతల్లో ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థలో మోల్డోవర్ బృందం 1988లో ఉక్కు గోళం లోపల పాదరసం నింపి, దాన్ని తూచి ఘనపరిమాణం తేల్చింది. వాయు స్థిరాంకం R ను పది లక్షల్లో 1.7 వంతుల అనిశ్చితితో చెప్పింది. తర్వాతి బృందాలు పాదరసం వదిలి, లోపల సూక్ష్మతరంగాలను మోగించి గోళం ఆకారాన్ని కొలిచాయి. పీడనం ఉన్నచోట అణువుల మధ్య ఆకర్షణ కొద్దిగా జోక్యం చేసుకుంటుంది. అందుకే వేర్వేరు పీడనాల దగ్గర కొలిచి, గీతను సున్న పీడనం దాకా పొడిగించి చదువుతారు. ఆదర్శ వాయువు అనేది ఎక్కడా దొరకకపోయినా ఆ గీత చివర మాత్రం కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త తీసుకున్నాక కూడా లెక్క ఎక్కడ జారగలదో 2013 నాటి బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాల కొలత చూపించింది. ధ్వని చెప్పేది kT/m ని. అందులోంచి k రావాలంటే m తెలియాలి. ఆర్గాన్ దాదాపు అంతా 40 ద్రవ్యరాశి సంఖ్య ఉన్న ఐసోటోపే అయినా, వెయ్యికి మూడు అణువులు 36 వి ఉంటాయి. ఆ 36 వాటాను ఒక శాతం తప్పుగా చదివితే చాలు, సగటు ద్రవ్యరాశి పది లక్షల్లో మూడు వంతులు మారిపోతుంది. ఆ కొలతకు ప్రకటించిన అనిశ్చితి పది లక్షల్లో ఒక వంతు కూడా లేదు. తర్వాత ఐసోటోపుల నిష్పత్తిని మళ్ళీ పరిశీలించినప్పుడు ఫలితాన్ని సవరించవలసి వచ్చింది. గోళం తప్పు చెప్పలేదు, ధ్వనీ తప్పు చెప్పలేదు. లోపం అణువు బరువులో ఉంది.

ఈ కొలతలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాక 2019 మే 20 నుంచి k విలువను 1.380649 × 10⁻²³ J/K గా స్థిరపరిచారు. అంతకుముందు నీటి త్రిక బిందువును 273.16 కెల్విన్‌గా నిర్ణయించి k ను కొలిచేవారు. ఇప్పుడు k నిర్ణీతం, ఒక కెల్విన్ అంటే ఇన్ని జౌళ్ళ మార్పు అని నిర్వచనంలోనే ఉంది. ఆ త్రిక బిందువు ఉష్ణోగ్రతనే ఇప్పుడు కొలిచి చెప్పాలి, దానికి కెల్విన్‌లో పదివేల వంతు అనిశ్చితి ఉంది.